‘లిఫ్టు గురించి’ అని రాస్తే చాలా?

అపార్ట్‌మెంట్ కార్యదర్శి: మా సంఘం సమావేశానికి ముందు అందరికీ ఈమెయిల్ పంపడం నా పని. పోయినసారి ‘1. లిఫ్టు గురించి, 2. నీటి ట్యాంకు విషయమై, 3. ఇతర అంశాలు’ అని రాశాను. గంటలో ముగియవలసినది రెండు గంటలు దాటింది. నిర్వహణ కాంట్రాక్టు ఎవరికివ్వాలో తేల్చాలని నా ఉద్దేశం. సగం మంది కొత్త లిఫ్టు వేయించాలని వాదించారు. ‘ఎజెండా’కు సరైన తెలుగు మాట ఏది? అది తెలిస్తే మెయిల్ స్పష్టంగా రాయగలనేమో.

పదప్రియుడు: ఎజెండా లాటిన్ మాట. ‘చేయవలసినవి’ అని అర్థం, అక్కడ అది బహువచనం. కాబట్టి ‘చేయవలసిన పనులు’ అనడమే సరి. ‘చర్చనీయాంశాలు’ తప్పు.

విశ్రాంత ఉద్యోగి: మాట పుట్టుక మీరు చెప్పినట్టే, పదప్రియుడు గారూ. కానీ మాట పుట్టిన చోటి అర్థమే వాడుకలోనూ నిలవాలని లేదు. ‘చేయవలసిన పనులు’ అని పంపితే, సమావేశం ముగిశాక ఎవరికి ఏ పని అప్పగించారో ఆ జాబితా అనుకుంటారు. ‘చర్చనీయాంశాలు’ అందరికీ తెలుస్తుంది.

కార్యదర్శి గారూ, మీ చిక్కు శీర్షికలో లేదు, ‘గురించి’లో ఉంది. ‘లిఫ్టు గురించి’ అంటే ఏం చేయడానికి? తెలియజేయడానికా, చర్చించడానికా, నిర్ణయించడానికా? క్రియ లేకపోతే ఎవరికి తోచింది వారు పూరించుకుంటారు. మీ దగ్గర జరిగింది అదే. నేనైతే ఇలా రాస్తాను:

> విషయం: 15వ తేదీ ఆదివారం సమావేశం: లిఫ్టు కాంట్రాక్టుపై నిర్ణయం
>
> ఉదయం 10 నుంచి 11 గంటల వరకు, సెల్లార్‌లో.
>
> 1. లిఫ్టు నిర్వహణ కాంట్రాక్టును కొటేషన్లు ఇచ్చిన ఇద్దరిలో ఎవరికి ఇవ్వాలో నిర్ణయించడం (30 నిమిషాలు). జతచేసిన కొటేషన్లు రెండూ చదివి రండి. విడిభాగాల ఖర్చు ఎవరు భరించాలో రెంటిలోనూ పోల్చి చూడండి.
>
> 2. నెలవారీ రుసుము పెంచాలా వద్దా అని చర్చించడం (20 నిమిషాలు). నిర్ణయం వచ్చే నెలలో. జతచేసిన ఖర్చుల పట్టిక చూసి రండి.
>
> 3. ట్యాంకు శుభ్రం చేసే రోజు తెలియజేయడం (5 నిమిషాలు).
>
> మిగిలిన 5 నిమిషాలు ఇతర అంశాలకు. అవేమైనా ఉంటే 13వ తేదీ శుక్రవారం సాయంత్రం 6 గంటలకల్లా నాకు రాయండి.

‘ఎవరికి ఇవ్వాలో’ అన్న చోట ప్రశ్న ఇమిడి ఉంది. కొత్త లిఫ్టు మాట ఎవరైనా ఎత్తితే అది ఆ ప్రశ్నకు జవాబు కాదని అందరికీ తెలిసిపోతుంది. విడిభాగాల ఊసు కూడా కావాలనే రాశాను. ఒకరు వాటిని ఉచితంగా మారుస్తామని, మరొకరు విడిగా బిల్లు వేస్తామని అంటే, ఏడాది మొత్తానికి తక్కువ పలికినవారే చవక అనుకోవడం పొరపాటు. ఆ సంగతి ముందే చూసి రాకపోతే మొదటి 15 నిమిషాలు కాగితాలు చదవడానికే పోతాయి.

ఒక తల్లి: మా పాప బడి నుంచి కూడా ఇలాంటి మెయిల్ వస్తుంది. ‘తల్లిదండ్రులు సన్నద్ధమై రాగలరు’ అని ఉంటుంది. ఏం తేవాలో తెలియక పుస్తకాలన్నీ మోసుకెళ్లాను. వాళ్లకు కావలసింది టీకాల కార్డు. ఇంతకీ ఆహ్వానంలో ‘విచ్చేయ ప్రార్థన’ అనాలా, ‘రాగలరు’ అనాలా?

విశ్రాంత ఉద్యోగి: అమ్మా, ఇక్కడి ప్రశ్న ఆహ్వానం గురించి కాదు. అయినా మీ అనుభవం ఈ చర్చకు బాగా పనికొస్తుంది. ‘రాగలరు’ ఆఫీసు ఉత్తరాల్లో మర్యాదగా స్థిరపడిన మాటే. లోపం ‘సన్నద్ధమై’లో ఉంది. ‘టీకాల కార్డు తీసుకుని రండి’ అంటే పని తేలిపోయేది.

కంపెనీ సెక్రటరీ: కంపెనీల చట్టం 2013, 173వ సెక్షన్ ప్రకారం బోర్డు సమావేశానికి సాధారణంగా కనీసం 7 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. అపార్ట్‌మెంట్ సంఘానికి అది వర్తించదు, మీ నియమావళి చూసుకోండి. మేము చివరి అంశాన్ని ‘అధ్యక్షుల అనుమతితో ఇతర అంశాలు’ అని రాస్తాం. ఆ ‘అనుమతితో’ లేకపోతే చివరి అంశమే సమావేశాన్ని మింగేస్తుంది.

పదప్రియుడు: శుక్రవారం ‘లోగా’ అని ఎందుకు రాయలేదు? అది ఇంకా చక్కని మాట కదా.

విశ్రాంత ఉద్యోగి: ‘శుక్రవారంలోగా’ అంటే శుక్రవారం కూడా కలిసిందని నేను అనుకుంటాను. గురువారంతోనే గడువు ముగిసిందనుకునేవారినీ చూశాను. అందుకే గంట చెప్పి ‘కల్లా’ చేర్చాను.

పదప్రియుడు: నా చెవికి ‘లోగా’ అంటే శుక్రవారం రాకముందే. మా ఇంట్లో అందరూ అలాగే వాడతారు.

అపార్ట్‌మెంట్ కార్యదర్శి: మా పక్క ఫ్లాటు పెద్దాయనను అడిగాను. శుక్రవారం కలిసిందనే ఆయన అన్నారు. ఆయన భార్య కలవదన్నారు. మెయిల్‌లో గంట వేసి పంపుతున్నాను. పైన మాత్రం ‘ఎజెండా’ అనే ఉంచాను, మా వాళ్లకు అదే అలవాటు.