థర్మల్ బిల్లులో తెలుగు పేర్లు: ఏ డ్రైవర్ మేలు?

గంటస్తంభం కిరాణా (విజయనగరం): 3 అంగుళాల యూఎస్‌బీ ప్రింటర్, స్కానర్ కొన్నాం. బిగించిన కుర్రాడు Generic / Text Only డ్రైవర్ పెట్టి వెళ్లాడు. ఇంగ్లీషు బాగానే పడుతోంది, కందిపప్పు, చింతపండు ఉన్నచోట ప్రశ్నార్థకాలు వస్తున్నాయి. కంపెనీ డ్రైవర్ వేస్తే బిల్లు నెమ్మదిస్తుందంటున్నారు, నిజమేనా?

పాలకొండ రోడ్డు: ఈ ప్రింటర్ల లోపల తెలుగు అక్షరాలే ఉండవండి. పేర్లు ఇంగ్లీషులోకి మార్చేసుకోండి, గొడవ వదిలిపోద్ది. Text Only అంత వేగం ఇంకేదీ ఇవ్వదు.

కౌంటర్ సర్వీసు: లోపల తెలుగు లేదన్న మాట మీ ప్రింటర్‌కీ నిజమే. అంతమాత్రాన తెలుగు పడదనుకోకండి. కంపెనీ డ్రైవర్ వేస్తే విండోసే అక్షరాలను బొమ్మగా గీసి పంపుతుంది, ప్రింటర్ చుక్కలు పెడితే చాలు.

వేగం సంగతి లెక్కేసి చూడండి. 80 మి.మీ. కాగితంపై అడ్డంగా 576 చుక్కలు పడతాయి, అంటే ఒక్కో చుక్కల వరసకు 72 బైట్లు. అచ్చులైను 30 చుక్కల ఎత్తనుకుంటే 2,160 బైట్లు, 25 లైన్ల బిల్లుకు 54,000. పాత సీరియల్ కేబుల్‌లో 9600 వేగం పెడితే సెకనుకు 960 బైట్లే వెళ్తాయి, బిల్లుకు దగ్గరదగ్గర నిమిషం పడుతుంది. నెమ్మదన్న పేరు అక్కడిదే. యూఎస్‌బీలో ఆ తేడా మీకు తెలియదు.

డ్రైవర్ వేశాక కాగితం సైజు తప్పక చూడండి. ఏ4 ఉండిపోతే అక్షరాలు చీమల్లా కుంచించుకుపోవచ్చు, లేదా బిల్లు అయ్యాక జానెడు ఖాళీ కాగితం బయటికొస్తుంది. కాగితం 80 మి.మీ. అయినా అచ్చు పడేది 72 మి.మీ.లోనే, కాబట్టి డ్రైవర్ సైజుల జాబితాలో 72 లేదా 80 మి.మీ. రోలు ఎంచుకోండి.

రాజాం మందుల షాపు: మాకూ తెలుగు గొడవే. స్కాన్ చేస్తే కోడ్ బదులు తెలుగు అక్షరాలు పడుతున్నాయి. డ్రైవర్ మార్చాలా?

కౌంటర్ సర్వీసు: మీది వేరే జబ్బు బాబూ. స్కానర్ కంప్యూటర్‌కు కీబోర్డులాగే కనిపిస్తుంది. పేర్లు టైపు చేసి తెలుగు కీబోర్డు అలాగే వదిలేస్తే, మీరు సొంతంగా వేసుకున్న RJM012 లాంటి కోడ్‌లోని ఇంగ్లీషు అక్షరాలు తెలుగైపోతాయి. నోట్‌ప్యాడ్ తెరిచి, కీబోర్డు ఇంగ్లీషుకు మార్చి స్కాన్ చేయండి. కోడ్ సరిగా పడి కర్సర్ కిందిలైనుకు దిగకపోతే, స్కానర్ పుస్తకంలో ఎంటర్ జతచేసే బార్‌కోడ్ ఉంటుంది, దాన్ని ఒకసారి స్కాన్ చేయండి.

పాలకొండ రోడ్డు: అన్ని సాఫ్ట్‌వేర్లూ విండోస్ చేత గీయించవు కదా! కొన్ని నేరుగా ESC/POS ఆదేశాలే పంపుతాయి. అక్కడ ఏ డ్రైవరైనా ప్రశ్నార్థకాలే.

కౌంటర్ సర్వీసు: ఒప్పుకుంటాను. అందుకే ముందు నోట్‌ప్యాడ్‌లో కందిపప్పు అని కొట్టి ప్రింటు తీయమంటాను. అక్కడ తెలుగొచ్చి బిల్లులో రాకపోతే లోపం సాఫ్ట్‌వేర్ సెట్టింగులో ఉంది. గ్రాఫిక్ ప్రింటు ఎంపిక ఉందేమో అమ్మినవారినే అడగాలి.

గంటస్తంభం కిరాణా: కంపెనీ డ్రైవర్ వేశాం, నోట్‌ప్యాడ్‌లోనూ బిల్లులోనూ తెలుగు వచ్చింది. కట్టర్ మాత్రం కోయడం లేదు.

కౌంటర్ సర్వీసు: డ్రైవర్ ప్రాపర్టీల్లో బిల్లు చివర కోయమనే ఎంపిక ఉంటుంది, అది పెట్టండి.

పాలకొండ రోడ్డు: వత్తులు అతుక్కోకుండా లైను ఎత్తు పెంచితే రోలు తొందరగా అయిపోద్ది. నేనైతే ఇంగ్లీషే ఉంచుతాను.