మూసే బ్రాకెట్ లేని ఫార్ములా: పెట్టేసి ముందుకెళ్లాలా, అడిగి పెట్టాలా?

మియాపూర్ కొత్త ట్రెజరర్: మా అపార్ట్‌మెంట్ లెక్కలు ఈ నెల నుంచి నా చేతికి వచ్చాయి. పాత ట్రెజరర్ గారు వాట్సాప్‌లో పంపిన ఫార్ములా ఇది. ఎక్సెల్‌లో పేస్ట్ చేసి ఎంటర్ కొడితే, చివర బ్రాకెట్ తనే పెట్టుకుని 8,080 చూపించింది. దీన్ని నమ్మి బిల్లులు పంపేయవచ్చా?

```
=(B5*C5+D5+E5*1.02
```

B5 ఫ్లాట్ ఎస్ఎఫ్‌టీ 1150, C5 రేటు 3 రూపాయలు, D5 ట్యాంకర్ నీళ్ల వాటా 550, E5 పాత బాకీ 4000.

అమీర్‌పేట కుర్రాడు: పంపేయండి అన్నా. తప్పుంటే ఎర్రర్ వచ్చేది కదా. నంబర్ వచ్చిందంటే ఫార్ములా సరిగ్గానే ఉన్నట్టు.

రిటైర్డ్ ఆడిటర్, మారేడ్‌పల్లి: కాదు తమ్ముడూ. ఫార్ములా చదవగలిగేలా ఉందా లేదా అన్నదే ఎక్సెల్ చూస్తుంది. మీ కమిటీ ఏం వసూలు చేయాలనుకుందో దానికి తెలియదు. ఆ బ్రాకెట్‌ని ఎక్కడెక్కడ మూయవచ్చో చూడండి. B5 తర్వాత మూసినా, C5 తర్వాత మూసినా, D5 తర్వాత మూసినా, చివర మూసినా వచ్చేది 8,080 మాత్రమే, ఎందుకంటే గుణకారం ముందు జరుగుతుంది, 1.02 బాకీకి మాత్రమే తగులుతుంది. E5 తర్వాత మూస్తే మొత్తం 8,000 మీద 2 శాతం పడి 8,160 అవుతుంది. చోట్లు ఐదు, జవాబులు మాత్రం రెండే. కాబట్టి అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: 2 శాతం దేని మీద?

లెక్కల టీచర్, దిల్‌సుఖ్‌నగర్: అడగక్కర్లేదని నా ఉద్దేశం, ఆడిటర్ గారూ. చివర మూస్తే ఆ బ్రాకెట్ ఉన్నా లేకున్నా ఒకటే. పనిలేని బ్రాకెట్ ఎవరు తెరుస్తారు? E5 తర్వాతే మూసి ఉంటారు. 8,160.

రిటైర్డ్ ఆడిటర్, మారేడ్‌పల్లి: ఊహగా మంచిదే, టీచర్ గారూ. కానీ అలవాటుగా ముందు ఒక బ్రాకెట్ కొట్టేవాళ్లను నేను చాలామందిని చూశాను. ఇంకో అనుమానం కూడా ఉంది. వాట్సాప్ కోసం కాపీ చేసేటప్పుడు తోక తెగితే, పోయింది బ్రాకెట్ ఒక్కటే అని ఎలా చెప్పగలం? మూయని ఫార్ములాని ఎక్సెల్ అలాగే ఉంచుకోదు కాబట్టి, పాత షీట్‌లో అది పూర్తిగానే ఉండి ఉంటుంది. ఆ షీట్ తెప్పించండి.

కూకట్‌పల్లి మెడికల్ షాపు: మా షాపులో కూడా ఇంతే అండి, ఫార్ములా రాస్తే జవాబు రాకుండా ఫార్ములానే కనబడేది. ఫార్మాట్ టెక్స్ట్ నుంచి జనరల్‌కి మార్చి మళ్లీ ఎంటర్ కొడితే పోయింది. మీరూ మార్చి చూడండి.

మియాపూర్ కొత్త ట్రెజరర్: అది వేరే సమస్యండీ, నాకు జవాబు వస్తోంది, ఏ జవాబో తెలియక టెన్షన్. షీట్ ఆయన పాత ల్యాప్‌టాప్‌తో పోయిందట. బ్రాకెట్ ఎక్కడ తెగిందో కనిపెట్టడమైనా ఎలా?

రిటైర్డ్ ఆడిటర్, మారేడ్‌పల్లి: ఎంటర్ కొట్టిన గడిలో ఎక్సెల్ బ్రాకెట్ పెట్టేసింది కాబట్టి, ఖాళీ గడిలో F2 నొక్కి ఫార్ములా మళ్లీ పేస్ట్ చేసి, ఎంటర్ కొట్టకుండా బాణం కీతో ఒక్కో అక్షరం జరగండి. బ్రాకెట్ దాటగానే దాని జోడీ ఒక్క క్షణం లావుగా మెరుస్తుంది. మెరవకపోతే జోడీ లేనట్టు. తర్వాత E5*1.02 ముక్కని మాత్రమే మౌస్‌తో ఎంచుకుని F9 కొడితే ఆ ముక్క విలువ 4080 కనబడుతుంది. చూశాక Esc కొట్టాలి, ఎంటర్ కొడితే ఆ అంకె ఫార్ములాలో పాతుకుపోతుంది. ఇదంతా జోడీ లేని బ్రాకెట్ ఏదో చూపిస్తుందే గానీ ఉద్దేశం చూపించదు. దానికి బాకీ లేని ఫ్లాట్ పాత బిల్లు ఒకటి తీయండి. అదే సైజు, అదే నీళ్ల వాటా అయితే 4,000 ఉండాలి. 4,080 ఉంటే 2 శాతం అందరి మీదా పడిందన్నమాట.

నిజాంపేట గృహిణి: మా దగ్గర రిపేర్ల నిధి కింద 2 శాతం అందరి దగ్గరా తీసుకుంటారు. మీది బాకీ మీద ఆలస్య రుసుమా, లేక ఇలాంటి నిధా?

మియాపూర్ కొత్త ట్రెజరర్: మంచి ప్రశ్న అడిగారమ్మా. ఇప్పుడే పాత ట్రెజరర్ గారికి ఫోన్ చేశాను. "ఆలస్య రుసుమే, బాకీ మీద మాత్రమే" అన్నారు. కానీ 201 వాళ్లు పోయిన నెల బిల్లు చూపించారు. 1150 ఎస్ఎఫ్‌టీ, నీళ్లు 550, బాకీ సున్నా, బిల్లు 4,080.

లెక్కల టీచర్, దిల్‌సుఖ్‌నగర్: చూశారా, E5 తర్వాతే మూశారు.

రిటైర్డ్ ఆడిటర్, మారేడ్‌పల్లి: మూశారు, ఒప్పుకుంటాను. కానీ ఆయన మాట నిజమైతే సకాలంలో కట్టినవాళ్లు కూడా నెలకు 80 రూపాయలు అదనంగా కట్టారు. పాత ఫార్ములాని ఉన్నదున్నట్టు తిరిగి నిలబెడితే ఆ తప్పు కూడా నిలబడుతుంది. రుసుముకి F5లో `=E5*2%` అని విడి గడి పెట్టి, మొత్తం ఇలా రాయండి. చూసినవాళ్లెవరికైనా రుసుము దేని మీదో తెలుస్తుంది.

```
=B5*C5+D5+E5+F5
```

అమీర్‌పేట కుర్రాడు: మరి 201 వాళ్ల డబ్బు వెనక్కి ఇస్తారా అన్నా?

మియాపూర్ కొత్త ట్రెజరర్: మినిట్స్ పుస్తకంలో "2 శాతం అదనం" అని మాత్రమే ఉంది, దేని మీదో రాయలేదు. ఆదివారం మీటింగ్‌లో అడుగుతాను. అప్పటిదాకా బిల్లులు పంపను.