బీపీ ఆస్కీ చెక్‌లిస్టు: మధ్యలో స్టెప్పు ఎగరగొడితే మార్కులెలా?

తిరుపతిలో నర్సింగ్ ట్యూటర్‌ని. టెక్స్ట్‌బుక్ చాప్టర్ చూసి బీపీ స్టేషన్‌కి ఆస్కీ అనే ప్రాక్టికల్ పరీక్ష చెక్‌లిస్టు రాస్తున్నా. ఐదు నిమిషాలు, 10 మార్కులు. పేషెంటుకి చెప్పి ఒప్పుకోలు తీసుకోవడం 1, చేయి గుండె ఎత్తులో పెట్టి కఫ్ కట్టడం 2, నాడి పట్టుకుని సిస్టోలిక్ అంచనా 2, దానిపైన 30 పెంచి, సెకనుకు 2-3 చొప్పున దించుతూ వినడం 3, రీడింగ్ రాయడం 2.

చిక్కల్లా నాడి దగ్గరే. కొందరు అది వదిలేసి నేరుగా 150కి కొట్టి స్టెత్ పెట్టేస్తారు. ఎదురుగా ఉన్నది మామూలు మనిషి కాబట్టి రీడింగ్ కరెక్టే! అదే మధ్యలో కాసేపు శబ్దం వినిపించకుండా పోయే ఆస్కల్టేటరీ గ్యాప్ ఉన్న హైబీపీ పేషెంటైతే సిస్టోలిక్ తక్కువగా నమోదవుతుంది.

ఆ 2 మార్కులే కోయాలా, తర్వాతి 3లోనూ కోయాలా? నాకైతే రెండోదే న్యాయమనిపిస్తోంది. ఎగ్జామినర్లిద్దరూ ఒకేలా వేసేలా ఆ లైను ఎలా రాయాలండీ?