‘ద్వైవార్షిక కూపన్’ అంటే ఎన్నాళ్లకోసారి?

శ్రావణి (గుంటూరు): బ్రాడీపేటలో కోచింగ్‌కి వెళ్తున్నాను. అక్కడిచ్చిన తెలుగు నోట్సులో లెక్క ఇది: “బాండు ముఖవిలువ 1000 రూపాయలు, కూపన్ సాలీనా 7 శాతం, ద్వైవార్షిక చెల్లింపు, గడువు 3 ఏళ్లు, రాబడి సాలీనా 8 శాతం. ధర ఎంత?” ఆరు నెలలకోసారి అనుకుని కూపన్, అంటే బాండు మీద వచ్చే వడ్డీ, 35 చేశాను, రేటు 4 చేశాను. గడువు మూడేళ్లే కదా అని 3 అలాగే ఉంచాను. 986.12 వచ్చింది, వెనక జవాబు 973.79. ఇంత దగ్గరగా ఉందంటే రౌండింగ్ తేడానేనా? అసలు ఆ మాట సరైనదేనా?

సుధాకర్: ద్వి అంటే రెండు. ఏడాదికి రెండుసార్లు. మాట సరైనదే.

లక్ష్మీనరసమ్మ (రిటైరైన తెలుగు పండితురాలు): ద్వైమాసిక పత్రిక నెలకి రెండుసార్లు వస్తుందా నాయనా? రెండు నెలలకోసారి వస్తుంది. ద్వైవార్షికం కూడా అంతే, రెండేళ్లకోసారి. ఇక్కడ కావలసింది అర్ధవార్షికం. షాణ్మాసికం అన్నా తప్పు కాదు గానీ, మన ఇళ్లలో ఆ మాట పోయినవాళ్లకి చేసే కర్మల దగ్గర వినిపిస్తుంది. చేతికి డబ్బొచ్చే రోజుకి నేనైతే ఆ పేరు పెట్టను.

సుధాకర్: బళ్లో అర్ధ సంవత్సర పరీక్షలు ఏడాదికి ఒక్కసారే రాశాం కదండీ, మేడమ్!

లక్ష్మీనరసమ్మ: రెండోసారి రాసినవాటికి సంవత్సరాంత పరీక్షలని పేరు మార్చారులే.

వెంకట్ (విజయవాడ): బ్యాంకు ట్రెజరీలో పనిచేస్తాను. శ్రావణీ, అది రౌండింగ్ కాదమ్మా. కూపన్ని సగం చేశావు, రేటును సగం చేశావు, వాయిదాల్ని రెట్టింపు చెయ్యలేదు. నీ లెక్కలో బాండు ఏడాదిన్నరకే తీరిపోయింది. చేతికొచ్చే డబ్బు వేళ్ల మీద కూడి చూడు: మూడేళ్లలో 35 చొప్పున ఆరుసార్లు, అంటే 210 రావాలి. నువ్వు మూడుసార్లే, 105 మాత్రమే లెక్కలోకి తీసుకున్నావు. ఎక్సెల్లో ఇలా:

```
=PV(8%/2, 3*2, -35, -1000)
```

973.79 వస్తుంది. ఇందులో కూపన్ల విలువ 183.47, చివర వచ్చే వెయ్యి ఇవాళ్టి విలువ 790.31.

ఇంకో సంగతి. రాబడి, కూపన్ రెండూ 7 అయితే ధర సరిగ్గా వెయ్యి రావాలని అందరూ సరిచూసుకుంటారు. రేటు సగం చెయ్యడం మర్చిపోతే అక్కడ పట్టుబడుతుంది. నీ తప్పు మాత్రం పట్టుబడదు. వాయిదాలు మూడైనా ఆరైనా వెయ్యే వస్తుంది. అందుకే వాయిదాల తేదీలు కాగితం మీద రాసుకో అంటాను.

కోటేశ్వరరావు (మిర్చి యార్డు): బాండు పేపరు వంద రూపాయలదే కదండీ, 973 ఎందుకవుతుంది?

వెంకట్: అది స్టాంపు కాగితం కోటేశ్వరరావు గారూ. ఇది ప్రభుత్వం అప్పు తీసుకుని ఇచ్చే పత్రం లాంటిది.

కోటేశ్వరరావు: ఓహో, అప్పు పత్రమా. మరి మేం రైతుకి రెండు రూపాయల వడ్డీకి ఇస్తాం. నెలకి నూటికి రెండు. ఎవరైనా అడిగితే ఏడాదికి 24 అంటాం. నెలనెలా వసూలు చేసింది మళ్లీ తిప్పితే చేతికి ఎక్కువే వస్తుంది, అయినా 24 అనే చెబుతాం.

వెంకట్: శ్రావణికి కావలసిన ఉదాహరణ అదేనండీ! బాండు రాబడి 8 అన్నా అంతే. ఆరు నెలలకి 4, దాన్ని రెండింతలు చేసి పైకి 8 అని చెప్పడం. మన ప్రభుత్వ బాండ్లకి మార్కెట్లో నడిచే వాడుక ఇది.

సుధాకర్: అలా అయితే ‘సాలీనా 8’ అనడం అబద్ధం. 4 మీద 4 వేస్తే 8.16 అవుతుంది. నిజంగా సాలీనా 8 కావాలంటే ఆరు నెలలకి 3.923 వెయ్యాలి. నాకు 977.77 వచ్చింది.

వెంకట్: లెక్క తప్పు కాదు సుధాకర్, ప్రశ్న వేరు. వడ్డీ మీద వడ్డీ కలిపిన వార్షిక రాబడి 8 అని ఇస్తే నీదే జవాబు. ఈ నోట్సులో ఆ ముక్క రాయలేదు, జవాబు చూస్తే సగం చేశారని తెలుస్తోంది.

శ్రావణి: మళ్లీ చేశాను, 973.79 వచ్చింది. మా నోట్సులో ఇంకో చోట ఈ 8 శాతాన్ని ‘నామమాత్రపు రేటు’ అన్నారు. అది చదివి చాలా తక్కువ రేటేమో అనుకున్నాను.

లక్ష్మీనరసమ్మ: అనుకోవూ మరి! నామమాత్రపు ఫీజు అంటే ఏదో కొంచెం అనేగా అర్థం. ఇంకో మాట కావాలి.

సుధాకర్: ‘చెప్పుడు రేటు’?

లక్ష్మీనరసమ్మ: చెప్పుడు మాటలు విన్నట్టుంటుంది, వద్దు.

కోటేశ్వరరావు: ‘పైకి చెప్పే రేటు’ అంటే మా యార్డులో అందరికీ తెలుస్తుంది.

వెంకట్: మాకూ తెలుస్తుంది. పరీక్షలో రాస్తే మార్కులు వేస్తారో లేదో, అదే అనుమానం.