అవుట్ పంచ్ లేకపోతే షిఫ్ట్ ముగింపు టైమ్ వేసేయాలా, హాఫ్ డే కోయాలా?

పెన్నా_సిస్టమ్స్:
నెల్లూరు దగ్గర రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్‌లో సిస్టమ్స్ చూస్తుంటాను. గేటు దగ్గర ఒక వేలిముద్ర డివైస్, హాల్ ముందు ఇంకొకటి ఉన్నాయి. రోజూ రాత్రి 11:30కి స్క్రిప్ట్ రెండింటి లాగ్స్ లాగి పేరోల్‌లో వేస్తుంది. కొందరు రెండేసి సార్లు థంబ్ వేస్తున్నారు, కొందరు పోయేటప్పుడు అసలు వేయడం లేదు. అవుట్ లేనివాళ్ళకి షిఫ్ట్ ముగింపు టైమ్ పెట్టేయమని మేనేజర్ గారు, హాఫ్ డే వేయమని అకౌంట్స్ వాళ్ళు. మీరైతే ఏం చేస్తారు?

చీమకుర్తి_శీను:
అన్నా, దీనికి ఇంత టెన్షన్ ఎందుకు. డివైస్ మెనూలోనే డూప్లికేట్ పంచ్ టైమ్ ఉంటుంది, 10 నిమిషాలు పెట్టు. రెండో థంబ్ రికార్డే అవ్వదు. అవుట్ లేకపోతే షిఫ్ట్ ముగింపు వేసేయ్. మా గ్రానైట్ యూనిట్‌లో అంతే, నాలుగేళ్ళుగా ఎవరూ గొడవ చేయలేదు.

పేరోల్_రమణి:
ఎవరు గొడవ చేస్తారండీ, జీతం ఎక్కువ వస్తే? ముగింపు టైమ్ దానంతట అదే పడుతుందని తెలిసిన రోజు నుంచి, గంట ముందు పోయేవాళ్ళు అవుట్ వేయడం మానేస్తారు. వేస్తే నష్టం, వేయకపోతే లాభం. నేను ఒంగోలులో మూడు కంపెనీల మస్టర్లు చూస్తాను, ఈ తంతు రెండు చోట్ల కళ్ళారా చూశాను. కాంట్రాక్ట్ లేబర్ అయితే ఇంకా అన్యాయం. మేస్త్రీ బిల్లు ఆ గంటల మీదే కడతారు, కాబట్టి అవుట్ వేయండని వాళ్ళకి ఆయన చెప్పనే చెప్పడు.

గూడూరు_పద్మ:
మా అమ్మ రొయ్యల షెడ్డులోనే తలలు తీసే పని చేస్తుంది. రాత్రంతా ఐస్ నీళ్ళలో నాని వేళ్ళు ముడతలు పడి ఉంటాయి. పొద్దున పోయేటప్పుడు నాలుగైదు సార్లు పెట్టినా మిషన్ తీసుకోదు, మళ్ళీ ప్రయత్నించండి అంటుంది. అప్పటికి బస్సు హారన్ కొడుతుంటుంది, ఈమె వచ్చేస్తుంది. నెలాఖరుకి రెండు రోజులు కట్. మిషన్ మార్చమని ఎవరికి చెప్పాలండీ?

రాత్రిబ్యాచ్:
పద్మ గారూ, మీరడిగింది వేరే సంగతైనా ఇక్కడ బాగా పనికొస్తుంది. గుర్తుపట్టని థంబ్ హాజరు లాగ్‌లోకి రాదు. పేరోల్ కంటికి మీ అమ్మగారూ, గోడ దూకి పోయినవాడూ ఒకటే. హాఫ్ డే వేయమనేవాళ్ళు ముందు ఈ మాటకి జవాబు చెప్పాలి. అమ్మగారికి ఇంకో రెండు వేళ్ళు, వీలైతే ఎడమచేతివి, ఎన్‌రోల్ చేయించమనండి. కార్డు తీసుకునే డివైస్ అయితే కార్డు ఇప్పించుకోవడం ఇంకా మేలు.

పెన్నా గారూ, వాదన తర్వాత. నైట్ షిఫ్ట్‌లో ఒక్కరి లాగ్ ఉన్నదున్నట్టు పెట్టండి, మూడు రోజులది చాలు.

పెన్నా_సిస్టమ్స్:
ఇదిగో. షిఫ్ట్ రాత్రి 8 నుంచి తెల్లవారి 5. జూన్ 11 రాత్రి ఆమె సెలవు.

```
1147  2025-06-09 19:52:10  gate
1147  2025-06-09 19:52:14  gate
1147  2025-06-10 05:07:33  gate
1147  2025-06-10 19:55:41  gate
1147  2025-06-11 05:04:02  gate
```

స్క్రిప్ట్ ఆ తేదీలో మొదటి పంచ్‌ని ఇన్‌గా, చివరిదాన్ని అవుట్‌గా తీసుకుంటుంది.

రాత్రిబ్యాచ్:
అనుకున్నాను. మీ స్క్రిప్ట్ ఆమెకి ఏం చేసిందో చూడండి. 9వ తేదీన ఇన్ 19:52:10, అవుట్ 19:52:14. నాలుగు సెకన్ల పని, అంటే ఆబ్సెంట్. 10వ తేదీన ఇన్ 05:07, అవుట్ 19:55. ఇంటికెళ్ళి నిద్రపోయి వండుకుని తిరిగొచ్చిన టైమంతా డ్యూటీ అయిపోయింది, 14 గంటల 48 నిమిషాలు. 9 గంటల షిఫ్ట్ తీసేస్తే దాదాపు 6 గంటల ఓటీ, అదీ రెట్టింపు రేటుకి. 11న 05:04 ఒక్కటే ఉంది కాబట్టి మీ రిపోర్టులో అవుట్ మిస్సింగ్.

కానీ ఆ 05:04 ఇన్ కాదు, ముందు రాత్రి షిఫ్ట్ అవుట్. మేనేజర్ గారి మాట విని దానికి ముగింపు టైమ్ తగిలిస్తే సెలవు రోజుకి జీతం ఇచ్చినట్టు. అకౌంట్స్ వాళ్ళ మాట విన్నా సెలవు రోజుకి సగం జీతం. మీ దగ్గర మిస్సింగ్ అవుట్ అని కనపడేవాటిలో సగానికి పైగా ఇట్లాంటివే అయ్యుంటాయని నా అనుమానం.

రాత్రి 11:30కి లాగ్స్ తెచ్చుకోవడంలో తప్పు లేదు. అప్పుడే లెక్క కట్టడం తప్పు. 8కి మొదలైన షిఫ్ట్ అప్పటికి సగం కూడా కాలేదు, అవుట్ ఎట్టా ఉంటుంది? తెచ్చే పని వేరు, లెక్క కట్టే పని వేరు చేయండి. తెచ్చినవి ముందు ఒక టేబుల్‌లో ముట్టుకోకుండా పడాలి:

```sql
CREATE TABLE raw_punch (
  device_sn  VARCHAR(32),
  user_id    VARCHAR(16),
  punch_time TIMESTAMP,
  PRIMARY KEY (device_sn, user_id, punch_time)
);
```

ఇన్సర్ట్‌కి `ON CONFLICT DO NOTHING` పెట్టండి. అప్పుడు అదే లాగ్‌ని పదిసార్లు లాగినా ఒక్కసారే పడుతుంది. ఇది ఒక రకం డూప్లికేట్, మనం తెచ్చుకున్నది. మనిషి నాలుగు సెకన్ల తేడాతో రెండుసార్లు థంబ్ వేయడం రెండో రకం. అది నిజంగా జరిగింది కాబట్టి రా టేబుల్‌లో రెండూ ఉండాలి, లెక్కలో మాత్రం ఒకటిగా చూడాలి.

లెక్కకి తేదీని కాదు, షిఫ్ట్ కిటికీని తీసుకోండి. రాత్రి 8 షిఫ్ట్‌కి సాయంత్రం 6 నుంచి మర్నాడు ఉదయం 9 వరకు. ఆ షిఫ్ట్ లెక్క 9 దాటాకే కట్టాలి:

```sql
SELECT MIN(punch_time), MAX(punch_time)
FROM raw_punch
WHERE user_id = '1147'
  AND punch_time >= '2025-06-09 18:00'
  AND punch_time <  '2025-06-10 09:00';
```

19:52:10, 05:07:33 వస్తాయి. మధ్యలో రెండో థంబ్ దానంతట అదే పక్కకి పోయింది. మొదటిదానికీ చివరిదానికీ తేడా 10 నిమిషాల లోపుంటే మాత్రం చివరిదాన్ని అవుట్ అనుకోకండి. రెండూ కలిపి ఒకే పంచ్. షిఫ్ట్ మొదలుకి దగ్గరగా ఉంటే ఇన్, ముగింపుకి దగ్గరగా ఉంటే అవుట్. రెండో వైపు ఖాళీ.

చీమకుర్తి_శీను:
నేను చెప్పిందీ అదే కదన్నా, 10 నిమిషాలు. డివైస్‌లో పెడితే ఇంత కోడ్ అక్కర్లేదు.

రాత్రిబ్యాచ్:
ఒకే డివైస్, పగటి షిఫ్ట్ అయితే మీకు గడిచిపోతుంది శీనూ. వీళ్ళవి రెండు. గేటు డివైస్‌లో పడిన పంచ్ హాల్ డివైస్‌కి తెలియదు, ఒక్కోటి తన దగ్గరివే చూస్తుంది. ఇంకో ఇబ్బంది, డివైస్ పారేసిన పంచ్ ఇక దొరకదు. సరుకు రాలేదని సూపర్‌వైజర్ ఆరు నిమిషాలకే వెనక్కి పంపిన రోజు ఆమె పోతూ వేసిన థంబ్ మాయం. మన నిబంధన తప్పయితే రేపు మార్చి మళ్ళీ లెక్క కట్టుకోవచ్చు, డివైస్‌లో పోతే ఏం చేస్తాం?

పేరోల్_రమణి:
ఇదంతా బాగుందండీ, నిజంగానే అవుట్ లేనివి కొన్ని మిగులుతాయి కదా. వాటి సంగతి? నా పద్ధతి చెప్తాను. షిఫ్ట్ గంటల జీతం తాత్కాలికంగా వేస్తాను, ఓటీ సున్నా. ఆ రోజు పక్కన ఒక గుర్తు పడుతుంది. సూపర్‌వైజర్ 25వ తేదీ లోపు ఉన్నారనో, ఎన్నింటికి వెళ్ళారనో రాసి సంతకం పెట్టాలి. దిద్దింది ఎవరు, ఎప్పుడు, ఎందుకు అన్నది వేరే వరుసలో ఉంటుంది. పంచ్ టైమ్ మీద ఎవరూ చెయ్యి వేయరు. మనిషి నిజంగా లేని కాలానికి తప్ప అంతకుమించి కోయడం చట్టప్రకారం కూడా కుదరదు, కాబట్టి గుడ్డిగా హాఫ్ డే అంటే నేను ఒప్పుకోను.

రాత్రిబ్యాచ్:
దాదాపు ఒప్పుకుంటాను. సూపర్‌వైజర్ 25 లోపు రాయకపోతే?

పేరోల్_రమణి:
జీతం ఇచ్చేస్తాను. ఆయన బద్ధకానికి ఆమె ఎందుకు పస్తుండాలి?

రాత్రిబ్యాచ్:
అప్పుడు సూపర్‌వైజర్లు ఎవరూ రాయరు, శీను వాళ్ళ పద్ధతికే చుట్టు తిరిగి వచ్చినట్టు. నేనైతే అది మేనేజర్ గారి ఆమోదానికి పంపిస్తాను, పేర్లతో సహా.

పేరోల్_రమణి:
మేనేజర్లు ఆఖరి రోజు సెలెక్ట్ ఆల్ కొట్టి అప్రూవ్ చేయడం మీరు చూడలేదేమో. ఇక్కడ మీకూ నాకూ కుదరదు, వదిలేయండి.

గూడూరు_పద్మ:
సెలెక్ట్ ఆల్ కొట్టినా ఫర్వాలేదు, మా అమ్మ డబ్బులు వస్తే చాలు 🙂 ఎడమచేతి వేళ్ళు ఎక్కించమని రేపు చెప్తానండీ.

పెన్నా_సిస్టమ్స్:
రెండు రోజులు కూర్చుని మార్చాను. డివైస్‌లో పాత లాగ్ చెరిపేయలేదు కాబట్టి జూన్ మొత్తం మళ్ళీ లాగి కొత్త కిటికీలతో లెక్క కట్టాను. మిస్సింగ్ అవుట్లు 61 ఉండేవి, 9 మిగిలాయి. తప్పుగా పడిన ఓటీ చూసి అకౌంట్స్ ఆయన కాసేపు మాట్లాడలేదు. ఒక డౌట్, రాత్రి షిఫ్ట్ చేసి సరుకు ఎక్కువుందని మధ్యాహ్నం 1 దాకా ఉన్నవాళ్ళ అవుట్ ఏ కిటికీలోనూ పడటం లేదు.

రాత్రిబ్యాచ్:
అవును, అది ఈ పద్ధతికున్న లోటు. కిటికీని 1 దాటేదాకా పొడిగించకండి, పగటి షిఫ్ట్‌కి మారినవాళ్ళవి కలిసిపోతాయి. ఏ కిటికీకీ చెందని పంచ్‌లని అదే రిపోర్టులో కింద అనాథలుగా చూపించండి. పైన అవుట్ లేని మనిషి, కింద అదే నంబర్‌తో 13:02. చూడగానే ఎవరికైనా తెలుస్తుంది, చేత్తో కలుపుకోవచ్చు. ఇంకోటి, రోజూ లాగ్ తెచ్చేముందు డివైస్ టైమ్‌ని సర్వర్ టైమ్‌తో పోల్చి తేడా రాసిపెట్టుకోండి. అది ఏడు నిమిషాలు వెనకబడితే అందరూ ముందే వెళ్ళినట్టు కనిపిస్తారు.

సరే, ఆ మిగిలిన 9 ఎవరివి?

పెన్నా_సిస్టమ్స్:
ఇప్పుడే చూశాను. మూడు నిజంగానే ముందు పోయినవాళ్ళవి, సూపర్‌వైజర్ ఒప్పుకున్నాడు. ఆరు మాత్రం ఇందుకూరుపేట వైపు బస్సెక్కే ఆడవాళ్ళవి. 5కి షిఫ్ట్ దిగుతుంది, బస్సు 5:10కి కదులుతుంది. గేటు దగ్గర డివైస్ ఒక్కటే, లైన్‌లో 140 మంది. లాగ్‌లో చూస్తే మనిషికీ మనిషికీ మధ్య 4, 5 సెకన్లు. చివరి వాళ్ళ వంతు వచ్చేసరికి పది నిమిషాలు ఎట్టాగూ దాటిపోతుంది, తడి వేళ్ళయితే ఇంకా లేటు. హాల్ ముందున్న డివైస్ ఆ టైమ్‌కి ఊరికే ఉంటుంది. పోయేటప్పుడు దాని మీద కూడా థంబ్ వేయొచ్చని వాళ్ళకి ఎవరూ చెప్పలేదంట. స్క్రిప్ట్‌లో ఎట్టాగూ రెండు డివైస్‌లూ కలిపే చూస్తున్నాం కదా, రేపు తెల్లవారి నేనే పోయి హాల్ గుమ్మం దగ్గర నిలబడతాను.