ప్రతి అమ్మకం ఎక్కించాలా, వారానికోసారి లెక్కపెడితే చాలా? (దుకాణాల స్టాక్ యాప్)

కొత్తకోడు:
ఒకరో ఇద్దరో నడుపుకునే చిన్న దుకాణాలకు, ఏ సరుకు ఎప్పుడు ఎంత తెప్పించాలో చెప్పే యాప్ రాస్తున్నాం. ప్రతి అమ్మకం ఎక్కిస్తేనే లెక్క నిలబడుతుందని మాలో ఒకరు, కౌంటర్ దగ్గర అంత తీరిక ఎవరికీ ఉండదని ఇంకొకరు. ఎటు వెళ్లమంటారు?

బీప్‌బీప్:
స్కానింగ్ పెట్టండి, గొడవ వదులుతుంది. ఫోన్ కెమెరాతో బార్‌కోడ్ చూపిస్తే పేరు, ధర, గడువు అన్నీ వచ్చేస్తాయి, స్టాక్ దానంతటదే తగ్గుతుంది. చేత్తో లెక్కపెట్టే రోజులు పోయాయి.

తక్కెడ:
బీప్‌బీప్ గారూ, పేరు, ధర వచ్చేది బార్‌కోడ్‌లోంచి కాదు, మీరు ముందుగా నింపి పెట్టుకున్న పట్టికలోంచి. ప్యాకెట్ల మీద మామూలుగా కనిపించే 13 అంకెల గీతల కోడ్ అది ఏ వస్తువో మాత్రమే చెబుతుంది. గడువు అందులో ఉండదు. ఒకే సబ్బు నిరుడు తయారైనా నిన్న తయారైనా కోడ్ అదే. గడువు కావాలంటే సరుకు దిగినప్పుడు ఎవరో ఒకరు నెల, సంవత్సరం నొక్కాల్సిందే.

ఇక అసలు ప్రశ్న. ఒక్క మనిషి ఉన్న కౌంటర్‌లో సాయంత్రం రద్దీ వేళ సగం అమ్మకాలు ఎక్కవు. ఎక్కనివి ఏవో కూడా తెలియదు. పదిహేను రోజులకు యాప్ 40 ఉన్నాయంటుంది, అరలో 11 ఉంటాయి. రెండుసార్లు అలా జరిగితే యజమాని ఆ యాప్ తెరవడు. అసలు లెక్క లేకపోవడం కంటే, సగం ఎక్కిన లెక్క ఎక్కువ ముంచుతుంది.

అందుకే నా ఓటు వారం లెక్కకు. అదీ అన్ని సరుకులకూ కాదు. బాగా కదిలే ముప్పై నలభై రకాలు తీసుకోండి. సప్లయర్ మనిషి ఆర్డర్ కోసం వచ్చే రోజు పొద్దున అరల వరుసలోనే ఆ జాబితా చూపించండి, అక్షర క్రమంలో కాదు. మనిషి నడుచుకుంటూ అంకె నొక్కుతూ పోవాలి.

సబ్బుతో చెబుతాను. పోయిన సోమవారం అరలో 34. వారంలో 24 చొప్పున రెండు పెట్టెలు దిగాయి, అంటే 48. ఈ సోమవారం 20 ఉన్నాయి. 34కి 48 కలిపి 20 తీసేస్తే 62 పోయాయి, రోజుకు సుమారు 9. ఇవాళ ఆర్డర్ ఇస్తే సరుకు బుధవారం దిగుతుంది. వచ్చే సోమవారం ఇచ్చే ఆర్డర్ ఆ తర్వాతి బుధవారం దిగుతుంది. అంటే ఉన్నదీ, ఇప్పుడు తెప్పించేదీ కలిపి 9 రోజులు ఆగాలి: 81. సప్లయర్ ఆలస్యం చేస్తే ఉంటుందని రెండు రోజుల సరుకు 18 కలపండి: 99. చేతిలో 20 పోను 79 కావాలి. మూడు పెట్టెలంటే 72, నాలుగంటే 96. సబ్బుకు మూడు చాలు, అదనంగా ఉంచుకున్న 18లో 7 తగ్గుతాయంతే. త్వరగా పాడయ్యే సరుకైతే ఎప్పుడూ తక్కువ పెట్టెల అంకెకే దించండి.

కొత్తకోడు:
ఇది బాగుంది. వారం మధ్యలోనే అయిపోతే?

తక్కెడ:
ఈ పద్ధతి బోల్తా పడేది అక్కడే. అదే సబ్బు ఉన్న 82 కూడా శుక్రవారం రాత్రికే అయిపోయిందనుకోండి. యాప్ 82ను ఏడుతో భాగించి రోజుకు 12 అంటుంది. నిజానికి అయిదు రోజుల్లో పోయాయి, రోజుకు 16. తక్కువ అంకె చూసి తక్కువ తెప్పిస్తారు, అది ఇంకా ముందే అయిపోతుంది, మళ్లీ అంకె తగ్గుతుంది. నాలుగు వారాలకు బాగా పోయే సరుకు కాస్తా పోని సరుకులా కనిపిస్తుంది.

మందు చిన్నదే. ప్రతి వస్తువు పక్కన ‘అయిపోయింది’ అని ఒక్క బటన్. ఆఖరి సబ్బు ఇచ్చినప్పుడు నొక్కితే, సరుకు ఉన్న రోజులతోనే భాగించాలి. సోమవారం లెక్కలో సున్నా వచ్చి, ఆ బటన్ నొక్కి లేకపోతే, ఎప్పుడు అయిపోయిందని యాప్ అడగాలి. రోజు గుర్తులేదంటే ఆ వారాన్ని సగటులో కలపొద్దు.

ఖాతాపుస్తకం:
స్టాక్ సంగతి తర్వాత చూడొచ్చు. నాకు కావాల్సింది అరువు లెక్క. పుస్తకంలో రాస్తే నేనొకటి, మా అబ్బాయి ఇంకొకటి. యాప్‌లో పెట్టినా అంతే అయింది, రెండు ఫోన్లలో రెండు బాకీలు చూపించింది. ముందు అది రాయండి బాబూ.

రెంచి:
ఖాతాపుస్తకం గారూ, అడిగింది అరువు గురించి కాకపోయినా మీ సమస్య స్టాక్‌కూ వర్తిస్తుంది. అలాంటి యాప్‌లు సాధారణంగా ‘మిగిలింది ఇంత’ అన్న అంకెనే దాచుకుంటాయి. నెట్ లేనప్పుడు మీరు 500 బాకీకి 100 జమ రాస్తే మీ ఫోన్‌లో 400. మీ అబ్బాయి అదే బాకీకి 50 అరువు రాస్తే తన ఫోన్‌లో 550. నెట్ వచ్చాక చివర చేరిన అంకె మిగతాదాన్ని తుడిచేస్తుంది. రావాల్సింది 450.

కాబట్టి కొత్తకోడు గారూ, మిగులును ఎక్కడా దాచకండి. వచ్చింది, పోయింది అన్న పద్దులే దాచి, మిగులు చూపించాల్సినప్పుడల్లా కూడండి. ప్రతి పద్దుకూ ఫోన్‌లోనే పుట్టే ప్రత్యేక నంబర్ ఇవ్వండి, లేకపోతే ఒకే పద్దు రెండుసార్లు చేరుతుంది. తప్పు రాస్తే చెరపనివ్వకండి, ఎదురు పద్దు వేయించండి. ఎవరు ఎప్పుడు మార్చారో కనబడుతుంది, ఇంట్లో తగాదాలూ తగ్గుతాయి.

ఇంకొకటి, పెట్టె–విడి గొడవ. రెండు పెట్టెలు దిగితే 48 అని కాకుండా 2 అని నొక్కేస్తారు. అప్పుడు 62 పోవాల్సింది 16 పోయినట్టు వస్తుంది. 34 ఉన్న చోట మరుసటి వారం 50 కనబడితే అమ్మకం మైనస్‌లోకి పోతుంది. మైనస్ వస్తే లెక్క ముగించకుండా ‘పెట్టెలా, విడివా?’ అని అక్కడే అడగండి. పెట్టెలో ఎన్ని అన్నది వస్తువు దగ్గర కాదు, దిగిన ప్రతి సరుకు దగ్గర రాయించండి. కంపెనీ 24 నుంచి 20కి తగ్గించిన రోజున పాత లెక్కలన్నీ మారిపోకుండా ఉంటాయి.

బీప్‌బీప్:
గడువు సంగతి ఒప్పుకున్నాను. మరి తక్కెడ గారి పద్ధతిలో ఎవరైనా పది సబ్బులు జేబులో వేసుకుపోతే? అవీ అమ్మకంలోనే కలుస్తాయి. మీ యాప్ ‘గిరాకీ పెరిగింది’ అని ఇంకో పెట్టె తెప్పిస్తుంది!

తక్కెడ:
కలుస్తాయి, కాదనను. దొంగతనం, ఎలుకలు కొట్టింది, పగిలింది, ఇంట్లోకి తీసుకెళ్లింది, అన్నీ ‘పోయినవే’. ఇంట్లోకి తీసుకెళ్లినదానికీ పగిలినదానికీ విడిగా పద్దు రాయించొచ్చు. దొంగతనం మాత్రం ఈ లెక్కలో దొరకదు. దానికి అమ్మకం విడిగా ఎక్కాల్సిందే.

రెంచి:
ఖరీదైనవి, చిన్నవి, జేబులో పట్టేవి ఓ అయిదారు రకాలకు మాత్రం స్కాన్ పెట్టి, మిగతావి వారం లెక్కకు వదిలితే? కౌంటర్ వెనకే ఉంచితే వాటికి చేయి వేసేది ఎలాగూ యజమానే.

తక్కెడ:
కౌంటర్ వెనకే ఉంటే ఇక స్కాన్ ఎందుకండీ? రోజూ రాత్రి ఆ అయిదారు రకాలూ లెక్కపెడితే రెండు నిమిషాల పని.

బీప్‌బీప్:
లెక్కపెట్టేదీ పనివాడే అయితే?

కొత్తకోడు:
ముందు వారం లెక్క, ‘అయిపోయింది’ బటన్, పద్దుల పద్ధతి పెట్టి రెండు దుకాణాలకు ఇస్తాం. విడిగా తూచి అమ్మే సరుకు ఇంకా తేలలేదు. సగం వాడిన బస్తాను అంకెలో ఎలా రాయించాలి?

ఖాతాపుస్తకం:
బస్తాకు పావు, అర, ముప్పావు అని మూడు గీతలు గీసి చూపించండి. గ్రాములు అడిగితే ఎవరూ తూచరు. అరువు మాత్రం మర్చిపోకండి.