40 దాటితే ఫ్యాన్ వేయాలా, ఆపాలా?

పైఅంతస్తు: ఏసీ లేని పై అంతస్తు మాది. మధ్యాహ్నం రెండింటికి గదిలో 41 డిగ్రీలు ఉంటోంది. అమ్మకి 74 ఏళ్లు. ఫ్యాన్ వేస్తే వేడిగాలి కొడుతోంది, ఆపితే ఊపిరాడటం లేదంటోంది. ఏం చేయాలి? కిటికీలు తీయాలా, మూయాలా?

గాలివాటం: ఫ్యాన్ ఆపొద్దండి. ఫ్యాన్ గదిని చల్లబరచదు, ఒంటి మీది చెమటని ఆరబెడుతుంది. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడేది. కిటికీలన్నీ బార్లా తెరిచి ఫుల్ స్పీడ్‌లో పెట్టండి. నేను 42లో కూడా అలాగే పడుకుంటాను, నాకేం కాలేదు.

వార్డు నర్సు: చెమట సంగతి నిజమే. కానీ చర్మం వేడి సుమారు 35 డిగ్రీలు ఉంటుంది. గాలి అంతకంటే వేడెక్కాక ఫ్యాన్ ఒకవైపు చెమటని ఆరబెడుతూనే, మరోవైపు ఆ వేడిని ఒంటికి తెచ్చి తగిలిస్తుంది. మీకు చెమట బాగా పడుతుంది కాబట్టి లాభమే ఎక్కువ. పెద్దవాళ్లకి చెమట తక్కువ, దాహం కూడా ఆలస్యంగా తెలుస్తుంది. గాలి పొడిగా ఉంటే ఆ కాస్త చెమటా ఫ్యాన్ లేకుండానే ఆరిపోతుంది. ఇక ఫ్యాన్ వల్ల మిగిలేది వేడే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 40 దాటితే ఫ్యాన్ వద్దనేది అందుకే.

అయితే ఆపేసి ఊరుకోమని కాదు. అమ్మగారి మెడ, ముంజేతులు, మోకాళ్ల కింది భాగం తడిగుడ్డతో తుడిచి, ఆ తడి ఉన్నంతసేపు ఫ్యాన్ వేయండి. ఆరుతోందనగానే మళ్లీ తడపండి. మామూలు కుళాయి నీళ్లు చాలు. టేబుల్ ఫ్యాన్ ఉంటే అదే వాడండి. పై అంతస్తులో స్లాబు కింద చేరిన వేడినంతా సీలింగ్ ఫ్యాన్ మంచం మీదికి దించుతుంది.

కొత్త కూలర్: మాకూ ఇదే సమస్య. కూలర్ కొన్నాం, చల్లదనం పోకూడదని తలుపులన్నీ మూశాం. గంటలో ఒళ్లంతా జిగట. కూలర్ పాడైపోయినట్టేనా?

వార్డు నర్సు: పాడవలేదండి. లోపల తేమ నిండిపోయింది. కూలర్‌కి ఎదురుగా ఒక కిటికీ కాస్త తెరిచి ఉంచండి, బయటి గాలి లోపలికి, తేమగాలి బయటికి పోవాలి.

గాలివాటం: అంటే 39లో మంచిదైన ఫ్యాన్ 41లో విషమైపోతుందా? గీత ఎక్కడ?

వార్డు నర్సు: అందరికీ ఒకే గీత లేదు. వయసు, తేమ, వాడే మందులు అన్నీ లెక్కలోకి వస్తాయి. పరిశోధకులే ఇంకా వాదించుకుంటున్నారు. పెద్దవాళ్ల విషయంలో నేనైతే 37, 38 దగ్గరే తడిగుడ్డ మొదలుపెడతాను. బీపీకి మూత్రం ఎక్కువ పోయేలా చేసే మాత్ర, కొన్ని అలర్జీ మాత్రలు వేసుకునేవాళ్లకి ఎండ మరింత ఇబ్బంది. వాటిని సొంతంగా ఆపొద్దు, డాక్టర్‌ని అడగండి.

కట్టడాల పని: కిటికీల గురించి ఎవరూ సరిగ్గా చెప్పలేదు. లోపల ఒక థర్మామీటర్, బయట నీడలో ఇంకొకటి పెట్టండి. బయట ఎక్కువ చూపిస్తే కిటికీ మూయండి, తక్కువైతే తెరవండి. ఎండని అద్దానికి బయటే ఆపాలి. లోపలి కర్టెన్ దగ్గరికి వచ్చేసరికి వేడి సగం ఇంట్లోకి వచ్చేసినట్టే. పగలంతా కాగిన స్లాబు రాత్రి పొద్దుపోయేదాకా వేడి వదులుతూనే ఉంటుంది. అందుకే వీలైతే కింది అంతస్తులో పడుకోబెట్టండి.

పైఅంతస్తు: ఇప్పుడే చూశాను, లోపల 41, బయట నీడలో 43. కిటికీలు మూసేశాను. అమ్మ సాయంత్రం ఐదింటికి బ్యాంకుకి వెళ్తానంటోంది. ఎండ తగ్గుతుంది కదా?

కట్టడాల పని: ఐదింటికి రోడ్డు, గోడలు ఇంకా సెగలు కక్కుతుంటాయండి. రేపు బ్యాంకు తెరవగానే వెళ్లి రమ్మనండి.

వార్డు నర్సు: తలనొప్పి, వికారం, నీరసం అంటే చల్లని చోట పడుకోబెట్టి కొద్దికొద్దిగా నీళ్లు పట్టండి. గంటలో తేరుకోకపోతే ఆసుపత్రికి తీసుకెళ్లండి. మాట ముద్దగా వచ్చినా, పొంతన లేకుండా మాట్లాడినా, చీర కుచ్చిళ్లు సర్దుకోలేక తడబడినా అది వడదెబ్బ అనుకునే కదలండి. చెమట పడుతోంది కదా, వడదెబ్బ కాదులే అనుకోవద్దు. అంబులెన్స్‌కి ఫోన్ చేసి, అది వచ్చేదాకా ఒంటి మీద నీళ్లు పోస్తూ విసరండి. స్పృహ సరిగా లేకపోతే నోట్లో నీళ్లు పోయొద్దు. జ్వరం మాత్ర దీనికి పనిచేయదు.

గాలివాటం: తడిగుడ్డ సంగతి ఒప్పుకుంటాను. కానీ తేమ ఎక్కువున్న రాత్రి, 36లో, తడిపినా ఆరదు కదా? అప్పుడు ఫ్యాన్ లేకుండా ఎలా?

వార్డు నర్సు: అప్పుడు ఫ్యాన్ ఉండాల్సిందే, అక్కడ మీ మాటే సరైనది. నేను వద్దన్నది మధ్యాహ్నపు పొడి వేడిలో.